బంగారం చీటీ చదవడం ఎలా? తరుగు ఎక్కడ దాగుంటుందో చూడండి

నికా తేదీ ఖాయం కాగానే ఇంట్లో మొదట తేలాల్సిన లెక్క బంగారానిదే. దుల్హన్‌కి గాజులు, కాలీపోత్ లచ్చా, చెవులకి చాంద్‌బాలీలు అంటూ జాబితా తయారవుతుంది. షాపుకి వెళ్లి నగలు నచ్చాక కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్‌లో కొట్టి ఒక ఎస్టిమేట్ చీటీ చేతికిస్తాడు. అందులో ఒక్కో నగకి బరువు, రేటు, క్యారెట్, తరుగు శాతం, మజూరీ, జీఎస్టీ అన్నీ వరసగా ఉంటాయి. మనలో చాలామంది చూసేది మాత్రం కింద ఉన్న ఒక్క అంకెనే. "భాయ్, కొంచెం తగ్గించండి" అని అడుగుతారు. ఆయన రెండు మూడు వేలు తగ్గిస్తాడు. బేరం అయిపోయిందనుకుని లేస్తారు.

అసలు డబ్బు పోయేది ఆ కింది అంకె దగ్గర కాదు, పైన ఉన్న గడుల్లోనే. ముఖ్యంగా బరువు, రేటు, తరుగు అనే మూడు గడుల్లో. ఈ మూడూ సరిగ్గా చదివితే ఏ షాపు నిజంగా చవకో ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

లెక్క సులువుగా ఉండడానికి ఈ వ్యాసంలో 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. ఇది ఉదాహరణ కోసం పెట్టుకున్న రేటు. మీరు కొనే రోజు రేటు వేసుకుని ఇదే పద్ధతిలో లెక్క చూసుకోవచ్చు.

మొదటి గడి: బరువు

చీటీలో రెండు బరువులు ఉండాలి. గ్రాస్ అంటే నగ మొత్తం బరువు. నెట్ అంటే అందులో ఉన్న బంగారం బరువు మాత్రమే. సాదా గాజులకి రెండూ ఒకటే. కానీ మన ఇళ్లలో కొనే నగల్లో చాలావాటికి ఒకటి కావు. లచ్చాలో నల్లపూసలు ఉంటాయి, చాంద్‌బాలీలకి ముత్యాలు వేలాడతాయి, జడావీ పనిలో రాళ్ల కింద లక్క ఉంటుంది. వీటి బరువు తీసేశాకే బంగారం లెక్క మొదలవ్వాలి.

ఒక లచ్చా చూద్దాం. గ్రాస్ 32.500 గ్రాములు. పూసలు, రాళ్లు కలిపి 7.500 గ్రాములు. నెట్ 25.000 గ్రాములు. బంగారం విలువ 25 గ్రాములకే కట్టాలి, అంటే 2,50,000 రూపాయలు. ఇంతవరకు చాలా షాపులు సరిగ్గానే కడతాయి. తేడా వచ్చేది తరుగు దగ్గర. 16 శాతం తరుగుని నెట్ మీద వేస్తే 4 గ్రాములు, అంటే 40,000 రూపాయలు. అదే 16 శాతాన్ని గ్రాస్ మీద వేస్తే 5.200 గ్రాములు, అంటే 52,000. శాతం మారలేదు, రేటు మారలేదు, అయినా 12,000 రూపాయలు పెరిగింది. పూసలకి కూడా మనం బంగారం తరుగు కట్టినట్టు అయింది.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి మాట ఇది: "తరుగు నెట్ మీద వేశారా, గ్రాస్ మీద వేశారా?" రాళ్లకీ పూసలకీ చీటీలో వేరే ధర రాసి ఉంటే వాటి బరువు బంగారంలో ఉండకూడదు. రెండుచోట్లా కనిపిస్తే ఒకే వస్తువుకి రెండుసార్లు డబ్బు కడుతున్నట్టే. తూకం వేసేటప్పుడు నగకి కట్టిన దారం, ట్యాగ్ తీసి వేయమనండి. ఆ కాటా మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది, ట్యాగ్ బరువు కూడా అందులో పడుతుంది.

బరువు గురించి ఇంకో మాట. ఇంట్లో పెద్దలు తులాల్లో మాట్లాడతారు, చీటీ గ్రాముల్లో ఉంటుంది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బజార్లో తులం అంటే 10 గ్రాములే. ఐదు తులాలు అనే మాటకి పాత లెక్కలో 58.3 గ్రాములు, కొత్త లెక్కలో 50 గ్రాములు. మన ఉదాహరణ రేటుకి ఈ తేడా విలువ 83,000 రూపాయలు. మహర్‌లో గానీ, ఇచ్చిపుచ్చుకునే జాబితాలో గానీ తులాలు రాస్తే పక్కనే గ్రాములు కూడా రాయడం మంచిది. తర్వాత రెండు కుటుంబాల మధ్య మాట రాకుండా ఉంటుంది.

రెండో గడి: రేటు, దాని పక్కన క్యారెట్

రేటు ఒక్కటే కాదు, క్యారెట్‌ని బట్టి మారుతుంది. 24 క్యారెట్లంటే మేలిమి బంగారం. 22 క్యారెట్లంటే 24 పాళ్లలో 22 పాళ్లు బంగారం, మిగతా రెండు పాళ్లు రాగి, వెండి లాంటి లోహాలు. నూటికి చెప్పాలంటే 91.6, అందుకే దాన్ని 916 అంటారు. 18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్లు, అది 750. మేలిమి బంగారం మెత్తగా ఉంటుంది కాబట్టి రోజూ వేసుకునే నగలకి పనికిరాదు. రాళ్లు గట్టిగా పట్టి ఉండాల్సిన నగలకి 18 క్యారెట్లు వాడడం మామూలే. అందులో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడంటే, 18 క్యారెట్ల నగకి 22 క్యారెట్ల రేటు వేయడంలో.

22 క్యారెట్లు గ్రాము 10,000 అయితే, దాన్ని 22తో భాగించి 18తో హెచ్చించండి. 18 క్యారెట్ల రేటు దాదాపు 8,180 వస్తుంది. నెట్ 8 గ్రాములున్న చాంద్‌బాలీలు అనుకుంటే బంగారం విలువ 65,440. తరుగు 15 శాతం వేస్తే 9,816. మొత్తం 75,256 రూపాయలు. అదే నగని పొరపాటున గానీ కావాలని గానీ 22 క్యారెట్ల రేటుకి కడితే 92,000 అవుతుంది. చిన్న నగ మీదే 16,744 రూపాయల తేడా. అందుకే రేటు చూసేటప్పుడు మొత్తం చీటీకి పైన రాసిన ఒక్క రేటు చూసి ఊరుకోకూడదు. ప్రతి నగ పక్కన ఏ క్యారెట్, ఏ రేటు వేశారో విడిగా చూడాలి.

ఉదయం పేపర్లోనో ఫోన్‌లోనో చూసిన రేటు 24 క్యారెట్లదా, 22 క్యారెట్లదా అన్నది కూడా గమనించుకోండి. మన ఉదాహరణలో 24 క్యారెట్లు గ్రాము సుమారు 10,909. ఈ రేటు 22 క్యారెట్ల గాజులకి పడితే 20 గ్రాముల మీద 18 వేల రూపాయలు ఎక్కువ కట్టినట్టు.

నగ నిజంగా ఆ క్యారెట్టే అని తెలిసేది హాల్‌మార్క్‌తో. నగ లోపలి వైపు భూతద్దంతో చూస్తే మూడు గుర్తులు కనిపించాలి. బీఐఎస్ త్రికోణం గుర్తు, 22K916 లేదా 18K750 లాంటి క్యారెట్ గుర్తు, ఇంగ్లిష్ అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ నంబర్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబర్ తప్పనిసరి అయింది. ఆ నంబర్‌ని ఫోన్‌లో BIS Care యాప్‌లో Verify HUID దగ్గర కొడితే ఆ నగ ఏ రకం, ఎంత స్వచ్ఛత అన్న వివరాలు వస్తాయి. చేతిలో ఉన్నది చెవి నగ అయి, యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ నంబర్ ఆ నగది కాదు. ఈ పరీక్షకి షాపు మొత్తం ఒక్కో నగకి వేసే ఫీజు 45 రూపాయలు, దానిమీద పన్ను. ఇంతకు మించి హాల్‌మార్క్ పేరుతో వందలు రాస్తే అడగండి.

మన కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. కుందన్, పోల్కీ, జడావీ నగలకి తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. రెండు గ్రాముల లోపు నగలకి కూడా ఉంది. అంటే జడావీ లచ్చా మీద గుర్తు లేకపోవడం చట్టప్రకారం నేరం కాదు. కానీ గుర్తు లేనప్పుడు మీకు మిగిలే రుజువు బిల్లే. బంగారం ఎన్ని క్యారెట్లు, నెట్ ఎంత, రాళ్లూ లక్కా ఎంత అన్నది బిల్లు మీద విడివిడిగా రాయించుకోకుండా జడావీ నగ కొనకూడదు.

మూడో గడి: తరుగు, మజూరీ

తరుగు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నగ చేసేటప్పుడు బంగారాన్ని కరిగిస్తారు, తీగ లాగుతారు, ఆకురాయితో రాస్తారు, మెరుగు పెడతారు. ప్రతి దశలోనూ కొంచెం పొడి రాలుతుంది. చేతితో నగలు చేసే రోజుల్లో ఈ నష్టానికి పనివాడు కొంత బంగారం అదనంగా లెక్క కట్టేవాడు. అదే తరుగు. అయితే ఆ పొడి మొత్తం గాలిలో కలిసిపోదు. కంసాలి బల్ల కింద ఊడ్చిన దుమ్ము నుంచి బంగారం తీసే పనివాళ్లు వేరే ఉన్నారు, ఉర్దూలో వాళ్లని నియారియా అంటారు. ఇప్పుడు మెషీన్ల మీద చేసే నగల్లో రాలే పొడి మరీ తక్కువ, దాన్ని కూడా తిరిగి కరిగించి వాడుకుంటారు.

కాబట్టి చీటీలో కనిపించే 12 శాతం, 16 శాతం తరుగంటే అంత బంగారం నిజంగా పోయిందని కాదు. పనివాడి కూలి, డిజైన్ ఖర్చు, షాపు లాభం అన్నీ కలిపి పెట్టిన పేరు అది. కొన్ని షాపులు దీన్నే వీఏ అని రాస్తాయి. పేరు ఏదైనా, ఇది బేరం ఆడదగ్గ గడి. బంగారం రేటు అందరికీ దాదాపు ఒకటే కాబట్టి ఒక షాపుకీ ఇంకో షాపుకీ తేడా వచ్చేది ఇక్కడే.

తరుగుని శాతంలో రాయడం వల్ల ఇంకో సంగతి జరుగుతుంది. దాని విలువ బంగారం రేటుతో పాటు పెరుగుతుంది. 20 గ్రాముల గాజులకి 12 శాతం తరుగంటే 2.400 గ్రాములు. గ్రాము 5,000 ఉన్న రోజుల్లో అది 12,000 రూపాయలు. గ్రాము 10,000 అయితే 24,000. గాజులు అవే, పని అదే. రేటు పెరిగినందుకు కూలి కూడా రెట్టింపు అయింది. మజూరీని గ్రాముకి ఇన్ని రూపాయలు అని రాస్తే ఇలా జరగదు. రేటు ఎక్కువగా ఉన్న రోజుల్లో "శాతం వద్దు భాయ్, గ్రాముకి ఎంతో చెప్పండి" అని అడగడంలో అర్థం ఉంది.

షాపుల మధ్య పోలిక కష్టమయ్యేది కూడా ఇందుకే. ఒకాయన తరుగు మాత్రమే రాస్తాడు, ఒకాయన మజూరీ మాత్రమే రాస్తాడు, ఇంకొకాయన రెండూ రాస్తాడు. అవే 20 గ్రాముల సాదా గాజులకి మూడు షాపుల్లో చీటీలు తీసుకున్నారనుకోండి.

మొదటి షాపు: తరుగు 8 శాతం, మజూరీ గ్రాముకి 450 రూపాయలు.
రెండో షాపు: తరుగు 12 శాతం, మజూరీ లేదు.
మూడో షాపు: మజూరీ పూర్తిగా ఉచితం అని బోర్డు, తరుగు 14 శాతం.

చూడగానే మొదటిది చవకగా కనిపిస్తుంది. ఉచితం అన్న మాట చూసి కొందరు మూడో షాపుకి వెళ్తారు. ఇప్పుడు లెక్క వేద్దాం. మొదటి షాపులో తరుగు 16,000, మజూరీ 9,000, కలిపి 25,000. రెండో షాపులో 24,000. మూడో షాపులో 28,000. ఉచితం అని బోర్డు పెట్టిన చోటే అన్నిటికంటే ఎక్కువ పడింది.

అందుకే తరుగెంత, మజూరీ ఎంత అని విడివిడిగా పోల్చకుండా, ప్రతి నగకీ ఒకే అంకె తీయండి. పన్నుకి ముందు ఆ నగకి కట్టిన మొత్తంలోంచి బంగారం విలువ తీసేయండి. మిగిలినదాన్ని బంగారం విలువతో భాగించి వందతో హెచ్చించండి. దీన్ని పైఖర్చు శాతం అనుకుందాం. పై మూడు షాపుల్లో అది వరసగా 12.5, 12, 14 శాతం. చీటీ ఏ భాషలో ఎలా రాసినా ఈ అంకె దాగదు. బంగారం విలువ కట్టేటప్పుడు మాత్రం మూడు షాపులకీ ఆ రోజు ఒకే రేటు వేయాలి. తరుగు తక్కువ చూపించి రేటు గ్రాముకి వంద, రెండొందలు ఎక్కువ వేసే షాపు ఉంటే అదీ ఇందులో దొరికిపోతుంది.

పన్ను, ఆఖరి మొత్తం

షాపులో తయారైన నగ కొన్నప్పుడు జీఎస్టీ 3 శాతం. బంగారం, తరుగు, మజూరీ, రాళ్లు అన్నీ కలిపిన మొత్తం మీద ఈ 3 శాతం పడుతుంది. బిల్లు మీద ఒకటిన్నర కేంద్రానికి, ఒకటిన్నర రాష్ట్రానికి అని రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మజూరీకి 5 శాతం అని విడిగా వేస్తే అడగండి. ఆ 5 శాతం నగల వ్యాపారి తన బంగారం ఇచ్చి బయట పనివాడితో పని చేయించుకున్నప్పుడు ఆ కూలి మీద పడే రేటు. తయారైన నగ అమ్మకానికి అది వర్తించదు.

ఇప్పుడు పెళ్లి జాబితా మొత్తం ఒకచోట పెడదాం.

గాజులు, 22 క్యారెట్లు, నెట్ 20 గ్రాములు: బంగారం 2,00,000, తరుగు 24,000. మొత్తం 2,24,000.
లచ్చా, 22 క్యారెట్లు, నెట్ 25 గ్రాములు: బంగారం 2,50,000, తరుగు 40,000, పూసలు రాళ్లకి 5,000. మొత్తం 2,95,000.
చాంద్‌బాలీలు, 18 క్యారెట్లు, నెట్ 8 గ్రాములు: బంగారం 65,440, తరుగు 9,816. మొత్తం 75,256.

మూడూ కలిపితే 5,94,256. దానిమీద 3 శాతం పన్ను 17,828. హాల్‌మార్క్ ఫీజు పక్కన పెడితే కట్టాల్సింది 6,12,084 రూపాయలు.

ఇందులో బంగారం విలువ ఎంత? 5,15,440. మిగిలిన 96,644 రూపాయలు తరుగు, రాళ్లు, పన్ను. అంటే బంగారం విలువ మీద దాదాపు 19 శాతం. రేపు ఏదైనా అవసరం పడి ఇవే నగలు అమ్మడానికి తీసుకెళ్తే షాపు చూసేది నెట్ బరువు, క్యారెట్, ఆ రోజు రేటు మాత్రమే. తరుగు తిరిగి రాదు, పన్ను తిరిగి రాదు, రాళ్లకి వచ్చేది చాలా తక్కువ. రేటు 19 శాతం పెరిగితే గానీ పెట్టిన డబ్బు పెట్టినట్టు రాదు. పెళ్లి నగే కష్టకాలంలో ఆదుకునే సొమ్ము అనుకునే ఇళ్లకి ఇది ముందే తెలిసి ఉండాలి. అక్కరకి అమ్ముకోవడానికి కొనే బంగారంలో పైఖర్చు తక్కువ ఉండే సాదా గాజుల వాటా ఎక్కువ ఉంచుకోవడం, లచ్చా లాంటివి ముచ్చటకి సరిపడా తీసుకోవడం అందుకే.

చీటీ చాలదు, బిల్లు కావాలి

ఎస్టిమేట్ చీటీ అన్నది అంచనా మాత్రమే, బిల్లు కాదు. కొన్నిచోట్ల "పన్ను మిగులుతుంది, కచ్చా చీటీ మీద తీసుకోండి" అంటారు. మన ఉదాహరణలో అలా మిగిలేది 17,828 రూపాయలు. పోయేది ఏంటో చూడండి. హాల్‌మార్క్ వేసిన నగలో చెప్పినంత స్వచ్ఛత లేదని తేలితే, తక్కువైన బంగారం విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చులు కొన్నవారికి ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఆ నగ ఆ షాపులోనే కొన్నట్టు చూపించడానికి బిల్లు ఉండాలి. కచ్చా చీటీ మీద షాపు పేరు కూడా ఉండదు. మూడు నెలల తర్వాత వెళ్తే "ఇది మాది కాదు" అన్న మాటకి మీ దగ్గర జవాబు ఉండదు.

డబ్బు కట్టే ముందు బిల్లుని చీటీ పక్కన పెట్టి ఒక్కో నగకీ నాలుగు విషయాలు సరిచూసుకోండి: నెట్ బరువు, క్యారెట్‌కి తగిన రేటు, తరుగు దేని మీద వేశారు, రాళ్ల ధర విడిగా ఉందా. బిల్లులో హాల్‌మార్క్ ఫీజు కూడా విడిగా రాసి ఉండాలి. బేరంలో తగ్గించిన మొత్తం ఏ గడిలో తగ్గిందో కూడా చూడండి. తరుగులో తగ్గితే ఆ మేరకి పన్ను కూడా తగ్గుతుంది. బిల్లు ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి, అసలు కాగితం నగల పెట్టెలో కాకుండా వేరేచోట దాచుకోండి. పెట్టె పోతే ఆ కాగితంతోనే ఫిర్యాదు రాయాల్సి వస్తుంది.